ఔషధ పరిశ్రమలో విజ్ఞానశాస్త్ర పట్టభద్రుల స్థానం: ఒక మాత్ర పరీక్ష చుట్టూ నాలుగు ఉద్యోగ మార్గాలు

ధర్మపురిలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో రసాయనశాస్త్రం, సూక్ష్మజీవశాస్త్రం, జీవరసాయనశాస్త్రం చదివిన యువతీయువకులు పలువురు ఉన్నారు. వీరిలో కొందరు ఆంధ్ర, తెలంగాణ విశ్వవిద్యాలయాలలో పట్టా పొంది వచ్చినవారు. మరికొందరు ఇక్కడి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలలోను, సేలంలోని పెరియార్ విశ్వవిద్యాలయ పరిధిలోని ఇతర కళాశాలలలోను చదివినవారు. జాతీయ రహదారి 44పై కృష్ణగిరి దాటితే హోసూరు సిప్కాట్ పారిశ్రామికవాడ, ఆపైన బెంగళూరు శివార్లలోని బొమ్మసంద్ర, జిగణి ప్రాంతాలు వస్తాయి. ఈ మూడు చోట్లా ఔషధ కర్మాగారాలు ఉన్నాయి. స్వస్థలానికి మరలదలచినవారికి హైదరాబాదు పరిసరాలు, విశాఖ సమీపంలోని పరవాడ ఉండనే ఉన్నాయి.

అయితే ఫార్మసీ పట్టా లేనివారికి ఈ పరిశ్రమలో ఏ ద్వారం తెరిచి ఉన్నది, ఏది మూసి ఉన్నది అనే విషయంలో సందిగ్ధత ఎక్కువ. ఒక సాధారణ మాత్రను పరీక్షించే తీరును అనుసరిస్తూ పోతే ఈ ఉద్యోగాల స్వరూపం, వాటి మధ్య గల సంబంధం తేటపడుతుంది.

ఒక అంకె పుట్టే విధం

జ్వరానికి వాడే 500 మిల్లీగ్రాముల పారాసిటమాల్ మాత్రనే తీసుకుందాం. ప్రతి మాత్రలోను మందు నిజంగా అంత ఉన్నదా అని తేల్చేది నాణ్యతా నియంత్రణ విభాగం, అనగా క్వాలిటీ కంట్రోల్. పట్టభద్రుడు సాధారణంగా మొదట చేరేది ఇక్కడే.

ఫార్మకోపియాలలో చాలాకాలంగా వాడుకలో ఉన్న పద్ధతి ఇది. 20 మాత్రలను తూచి పొడి చేస్తారు. వాటి మొత్తం బరువు 11.6 గ్రాములైతే సగటు మాత్ర బరువు 580 మిల్లీగ్రాములు. అందులో మందు 500 మిల్లీగ్రాములు, తక్కినది మాత్రను కట్టిపట్టే పిండి మొదలైన పదార్థాలు. కనుక 150 మిల్లీగ్రాముల మందు రావడానికి 174 మిల్లీగ్రాముల పొడి తీసుకోవాలి. దానిని పలుచని సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో వేసి, నీరు చేర్చి, 15 నిమిషాలు కుదిపి, 200 మిల్లీలీటర్లకు నింపి వడపోస్తారు. ఆ వడపోతలో 10 మిల్లీలీటర్లను 100కు, అందులో మళ్లీ 10 మిల్లీలీటర్లను సోడియం హైడ్రాక్సైడ్ చేర్చి 100కు పలుచన చేస్తారు. ఆ ద్రావణం 257 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని ఎంత పీల్చుకుంటుందో యంత్రంపై చూస్తారు. మందు సరిగ్గా ఉంటే యంత్రం దాదాపు 0.536 చూపాలి. చెప్పిన పరిమాణంలో 95 నుంచి 105 శాతం వరకు ఉంటే బ్యాచ్ ఉత్తీర్ణమైనట్లు.

కళాశాల ప్రయోగశాలలో ఈ పని చేసినవారికి ఇందులో కొత్త రసాయనశాస్త్రం ఏమీ లేదు. కొత్తది దాని తరువాత వచ్చేది.

అంకె తక్కువ వచ్చినప్పుడు

యంత్రం 0.501 చూపిందనుకుందాం. అది 93.4 శాతం. అంటే మాత్రకు 467 మిల్లీగ్రాములే. పరిమితికి దిగువన ఉన్నది. కళాశాలలో ఇటువంటప్పుడు విద్యార్థి ద్రావణాన్ని పారబోసి మరల చేస్తాడు, మంచి అంకెను రికార్డులో రాస్తాడు. కర్మాగారంలో ఇదే పని తీవ్రమైన తప్పిదం. కొత్తగా చేరినవారి ఉద్యోగాలు పోవడానికి, కొన్ని సందర్భాలలో కర్మాగారాల ఎగుమతులు ఆగిపోవడానికి కారణం ఇటువంటి అలవాటే.

సరైన క్రమం వేరు. విశ్లేషకుడు పని ఆపాలి. ఒక్క ద్రావణాన్నీ పారబోయకూడదు. వచ్చిన అంకెను వచ్చినట్టే నమోదు చేసి పై అధికారికి తెలపాలి. ద్రావణాలను ఉంచమనడానికి శాస్త్రీయమైన కారణం ఉన్నది. భద్రపరచిన మొదటి వడపోత నుంచి 10 మిల్లీలీటర్లు తీసి తిరిగి పలుచన చేసినప్పుడు 0.536 వస్తే, పొరపాటు పలుచన దశలో జరిగి ఉండవచ్చు. పిపెట్ కొన విరిగి ఉన్నదా, గాలి బుడగ చేరిందా అని వెదకాలి. మళ్లీ 0.501 వస్తే లోపం అంతకు ముందే ఉన్నది. పొడిని తూచడంలో తేడా జరిగిందా, 15 నిమిషాలు కుదపవలసినది తక్కువ కుదిపారా అని చూడాలి. ఆ రెండూ సరిగ్గా ఉన్నట్లయితే మాత్రలలోనే మందు తక్కువ కావచ్చు. అప్పుడు విచారణ తయారీ విభాగంలోకి వెళుతుంది. ద్రావణాలు పారబోసిన మరుక్షణం ఈ మూడింటిని వేరు చేసే దారి మూసుకుపోతుంది.

మంచి అంకె వచ్చేదాకా పరీక్ష మళ్లీ మళ్లీ చేయడం చెల్లదని 1993లో అమెరికాలో బార్ ల్యాబొరేటరీస్ వ్యాజ్యంలో ఫెడరల్ న్యాయస్థానం స్పష్టం చేసింది. ఆ దేశపు ఔషధ నియంత్రణ సంస్థ దీనిపై 2006లో వివరమైన మార్గదర్శకాలు వెలువరించింది. మన దేశంలో 2023 డిసెంబరులో ప్రకటించిన సవరించిన షెడ్యూల్ ఎం కూడా పరీక్షల నమోదు, విచారణ విషయంలో నియమాలను కట్టుదిట్టం చేసింది. అందువల్ల ఉద్యోగ పరీక్షలో అభ్యర్థిని తరచుగా అడిగే ప్రశ్న ఇదే: "ఫలితం పరిమితి దాటితే మీరు ఏమి చేస్తారు?" "మళ్లీ చేస్తాను" అనే సమాధానం అతని అవకాశాన్ని దెబ్బతీస్తుంది.

ఆ అంకె చుట్టూ ఉన్న విభాగాలు

అంకెను పుట్టించేది నాణ్యతా నియంత్రణ విభాగమైతే, దానిని ప్రశ్నించేది నాణ్యతా హామీ విభాగం, అనగా క్వాలిటీ అష్యూరెన్స్. ఎవరు చేశారు, ఎప్పుడు రాశారు, అసలు ప్రతి ఎక్కడ ఉన్నది, కొట్టివేతకు కారణం రాసి సంతకం చేశారా అని ఈ విభాగం చూస్తుంది. పరీక్షశాలలో పనిచేసినవారికే ఆ ప్రశ్నలు తడతాయి. కనుక ఈ విభాగంలోకి మార్గం తరచుగా పరీక్షశాల నుంచే సాగుతుంది.

పరీక్ష పద్ధతిని రూపొందించేది పరిశోధన విభాగం. పిండి పదార్థాలు ఆ కాంతిని పీల్చుకోవడం లేదని, వేరొకరు చేసినా అదే ఫలితం వస్తుందని ముందుగా నిరూపించవలసినవారు వీరే. ఇందులో ఎక్కువగా ఎమ్మెస్సీ పట్టభద్రులకు చోటు ఉంటుంది. ప్రభుత్వ పరిశోధన వైపు వెళ్లదలచినవారికి సీఎస్ఐఆర్ నెట్ పరీక్ష ఉన్నది. అందులో ఫెలోషిప్‌కు ఎంపికైనవారు హైదరాబాదులోని ఐఐసీటీ, సీసీఎంబీ వంటి సంస్థలలో పీహెచ్‌డీకి ప్రయత్నించవచ్చు. 2023 సవరణ ప్రకారం జూనియర్ ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలు.

ఈ అంకెలన్నిటినీ ప్రభుత్వాల ముందు ఉంచేది రెగ్యులేటరీ విభాగం. మాత్రలను 40 డిగ్రీల వేడిలో, 75 శాతం తేమలో ఆరు నెలలు ఉంచినప్పుడు మందు ఎంత నిలిచిందో తెలిపే పట్టికలు, పరీక్ష పద్ధతులు, వాటి నిరూపణలు వీరు కూర్చే దస్త్రంలో చేరతాయి. ఆ పట్టికలో ఒక అంకె ఎందుకు తగ్గిందని విదేశీ అధికారి అడిగితే జవాబు రాయవలసినది వీరే. పరీక్ష చేసి ఎరుగనివారికి ఆ జవాబు రాయడం కష్టం. కొన్ని నెలల రెగ్యులేటరీ కోర్సుకు పెద్ద మొత్తం చెల్లించే ముందు కుటుంబాలు ఈ విషయాన్ని ఆలోచించాలి. రెండు మూడేళ్ల పరీక్షశాల అనుభవం ఉన్నవారికి ఆ కోర్సు ఉపకరించవచ్చు, అనుభవానికి బదులుగా మాత్రం నిలవదు.

జీవశాస్త్ర పట్టభద్రులలో సూక్ష్మజీవశాస్త్రం చదివినవారికి ఇదే భవనంలో వేరే గది ఉంటుంది. నోటి ద్వారా తీసుకునే మందులలో సూక్ష్మజీవుల సంఖ్యను లెక్కించడం, ఇంజెక్షన్లలో అవి బొత్తిగా లేవని 14 రోజులు పెంపకంలో ఉంచి పరిశీలించడం, తయారీ గదుల గాలిని, నీటిని పరీక్షించడం వారి పని. ఫలితం తప్పితే అక్కడా విచారణ క్రమం ఉన్నది. పలక పారవేయడం అక్కడా నేరమే.

చట్టం చెప్పేది

1945 నాటి ఔషధ నియమావళి ప్రకారం మందుల తయారీని పర్యవేక్షించే సాంకేతిక బాధ్యుడుగా బీఎస్సీ పట్టభద్రుడు కూడా అర్హుడే. అయితే రసాయనశాస్త్రం ముఖ్య విషయంగా చదివి ఉండాలి, పట్టా పొందిన తరువాత మందుల తయారీలో మూడేళ్ల అనుభవం ఉండాలి. ఫార్మసీ పట్టభద్రుడికి 18 నెలలు చాలు. ఇక్కడ గమనించవలసినది "తయారీలో" అన్న మాట. పరీక్షశాలలో గడిపిన సంవత్సరాలను ఈ లెక్కలో చూపడం కష్టమవుతుంది. పరీక్షశాల అధిపతి పదవికి సైన్సు పట్టా చెల్లుతుంది, కాని మందుల పరీక్షలో ఉన్న అనుభవం చాలునని లైసెన్సు ఇచ్చే అధికారి అంగీకరించాలి. కాబట్టి తయారీ వైపు వెళ్లాలా, పరీక్ష వైపు వెళ్లాలా అన్నది మొదటి రెండేళ్లలోనే నిర్ణయించుకోవడం మేలు.

డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్ పదవి మాత్రం బీఎస్సీ, ఎమ్మెస్సీ పట్టభద్రులకు తెరిచి లేదు. దానికి ఫార్మసీ పట్టా, లేదా నిర్దిష్ట ప్రత్యేకతతో కూడిన వైద్య పట్టా కావాలి. ఈ సంగతి తెలియక శిక్షణ కేంద్రాలకు రుసుము చెల్లించవద్దు.

దరఖాస్తుకు ముందు

అనుభవం లేనివారికి తొలి మెట్టు అప్రెంటిస్ శిక్షణ కావచ్చు. కేంద్ర ప్రభుత్వ పథకంలో ఇటీవల ఉత్తీర్ణులైన సైన్సు పట్టభద్రులు nats.education.gov.in లో పేరు నమోదు చేసుకోవచ్చు. శిక్షణ కాలంలో స్టైపెండు ఉంటుంది.

తెలుగువారు ప్రత్యేకంగా చూసుకోవలసినది పేరు. ఆంధ్ర, తెలంగాణ ధ్రువపత్రాలలో ఇంటిపేరు ముందు వస్తుంది. తమిళనాడులో తండ్రి పేరులోని మొదటి అక్షరాన్ని పొడి అక్షరంగా వాడతారు. పదవ తరగతి పత్రం, పట్టా, ఆధార్ మూడింటిలోను పేరు ఒకే విధంగా లేకపోతే నియామక సమయపు పరిశీలనలో ఆలస్యం కలుగుతుంది. దిద్దుబాట్లు దరఖాస్తుకు ముందే చేయించుకోవాలి.

ఉద్యోగం మారేటప్పుడు అనుభవ పత్రంలో హోదా, కాలం మాత్రమే కాక ఏ విభాగం, ఏ పరీక్షలు, ఏ యంత్రాలు అన్నది కూడా రాయించుకోవాలి. లైసెన్సు అధికారి ముందు తరువాత చూపవలసినది ఆ వివరమే.