పీఎస్5 నిండితే ఏ ఆట ఎక్కడ ఉండాలి?

2020 నవంబరులో వచ్చిన మొదటి ప్లేస్టేషన్ 5లో 825 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉంటుంది. కన్సోల్ తన సొంత పనులకు కొంత వాడుకోగా ఆటలకు మిగిలేది 667 జీబీ. స్పైడర్‌మ్యాన్ 2 ఒక్కటే 90 జీబీకి అటూ ఇటూ తీసుకుంటుంది. బాల్డర్స్ గేట్ 3 వంద దాటుతుంది. కాల్ ఆఫ్ డ్యూటీలో అన్ని భాగాలూ ఎక్కిస్తే అది ఇంకా పెద్దది. ఇలాంటివి ఆరేడు చేరాయంటే కొత్త ఆటకు చోటు లేదన్న హెచ్చరిక తెరమీదికి వస్తుంది. 2023 చివర్లో వచ్చిన స్లిమ్ మోడల్‌లో 1 టీబీ, ఆ మరుసటి ఏడాది వచ్చిన ప్రోలో 2 టీబీ ఇచ్చారు కానీ, వాటిలోనూ ఆ హెచ్చరిక కొంచెం ఆలస్యంగా వస్తుందంతే.

చోటు పెంచుకోవడానికి దారులు రెండు. యూఎస్‌బీ పోర్టుకు బయట ఒక డ్రైవ్ తగిలించడం ఒకటి. కన్సోల్ లోపల ఖాళీగా ఉంచిన ఎం.2 స్లాట్‌లో మరో ఎస్‌ఎస్‌డీ బిగించడం రెండోది. ధరలోనూ వేగంలోనూ తేడా ఉన్న మాట నిజమే. అయితే అసలు తేడా వేరే చోట ఉంది. యూఎస్‌బీ డ్రైవ్‌లో పీఎస్5 ఆటను దాచుకోవచ్చు, అక్కడినుంచి ఆడలేం. ఆడాలంటే దాన్ని తిరిగి లోపలి డ్రైవ్‌కో ఎం.2కో మార్చుకోవాలి. పీఎస్4 ఆటలకు ఈ అడ్డు లేదు. అవి యూఎస్‌బీ డ్రైవ్ నుంచి నేరుగా నడుస్తాయి. డ్రైవ్ కొని తగిలించాక ఈ సంగతి తెలుసుకుని నిరాశపడేవాళ్లు చాలామంది.

ఈ నియమం ఎందుకు పెట్టారో తెలియాలంటే పీఎస్4 కాలానికి వెళ్లాలి. అందులో ఉన్నది తిరిగే పళ్లెం గల హార్డ్ డిస్క్. ఆ డిస్క్ నుంచి 1 జీబీ డేటా చదవడానికి సుమారు 20 సెకన్లు పడుతుందని పీఎస్5 ముఖ్య రూపకర్త మార్క్ సెర్నీ 2020 మార్చిలో ఇచ్చిన ప్రసంగంలో వివరించారు. కొత్త కన్సోల్‌కు ఆయన పెట్టుకున్న లక్ష్యం 2 జీబీని పావు సెకను పైచిలుకులో చదవడం. హార్డ్ డిస్క్‌లో చదివే ముల్లు ఒక చోటినుంచి మరో చోటికి కదలాలి, ఆ కదలికకే సమయం పోతుంది. దాన్ని తగ్గించడానికి ఆట తయారుచేసేవాళ్లు ఒకే వస్తువును డిస్క్ మీద చాలాచోట్ల రాసిపెట్టేవారు. పీఎస్4 స్పైడర్‌మ్యాన్‌లో వీధి పక్కన కనిపించే పోస్టు డబ్బాల వంటి వస్తువుల డేటా 400 సార్ల దాకా నకలై ఉందని సెర్నీ చెప్పారు. ఎస్‌ఎస్‌డీలో కదిలే ముల్లు లేదు కాబట్టి ఈ నకళ్ల అవసరమే లేదు. పీఎస్5 కోసం రాసిన ఆట, డేటా అడిగిన క్షణానే అందుతుందన్న నమ్మకం మీద నడుస్తుంది. యూఎస్‌బీ డ్రైవ్ ఆ మాట నిలబెట్టుకోలేదు. అందుకే కన్సోల్ దాన్ని దాచుకునే చోటుగా మాత్రమే చూస్తుంది.

యూఎస్‌బీ డ్రైవ్ సామర్థ్యం 250 జీబీ నుంచి 8 టీబీ మధ్య ఉండాలి. ఒకసారికి ఒక్కటే పనిచేస్తుంది, హబ్ ద్వారా తగిలిస్తే కన్సోల్ ఒప్పుకోదు. కనెక్షన్ సెకనుకు కనీసం 5 గిగాబిట్ల వేగం గలదై ఉండాలి. మొదటి పీఎస్5 ముందుభాగంలో ఉన్న వెడల్పాటి పోర్టు పాతకాలపు నెమ్మది రకం కాబట్టి డ్రైవ్‌ను దానికి తగిలించకూడదు. పాత ప్రింటర్ కేబులో, ఫోన్ ఛార్జింగ్ కేబులో వాడినా ఇదే చిక్కు వస్తుంది. డ్రైవ్ కనపడదు, లేదా పనికిరాదని కన్సోల్ చెబుతుంది. ఫార్మాట్ చేసేటప్పుడు అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి, కాబట్టి పెళ్లి ఫొటోలున్న డ్రైవ్‌ను ఈ పనికి వాడకూడదు. ఇక ఊడదీసేటప్పుడు సెట్టింగ్స్‌లో ‘సేఫ్‌లీ రిమూవ్’ నొక్కాకే తీయాలి. నేరుగా లాగేస్తే తర్వాతిసారి తగిలించినప్పుడు డ్రైవ్‌ను సరిచేయాలంటూ సందేశం వస్తుంది. రాస్తుండగా లాగితే ఆట చెడిపోయి మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోవాల్సి రావచ్చు.

మరి దాచుకోవడానికే అయితే యూఎస్‌బీ డ్రైవ్ దేనికి? లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. 100 ఎంబీపీఎస్ నెట్ కనెక్షన్ పూర్తి వేగంతో నడిచినా 100 జీబీ ఆట దిగడానికి రెండుంపావు గంటలు పడుతుంది. సాయంత్రం వేళ ఇంట్లో అందరూ వీడియోలు చూస్తుంటే ఇంకా ఎక్కువ. అదే ఆట సెకనుకు 100 ఎంబీ ఇచ్చే మామూలు హార్డ్ డిస్క్ నుంచి పావుగంట దాటాక లోపలికి వచ్చేస్తుంది. యూఎస్‌బీ ఎస్‌ఎస్‌డీ అయితే కొద్ది నిమిషాలు చాలు. ఆట మధ్యలో ఆపి రెండు నెలలు పక్కన పెట్టేవాళ్లకు ఇది చవకైన ఏర్పాటు. ఆటను తరలించినా, తొలగించినా సేవ్ డేటా కన్సోల్‌లోనే ఉంటుంది, దాని గురించి భయం అక్కర్లేదు.

రోజూ ఆడే పీఎస్5 ఆటలు ఎక్కువైతే మాత్రం ఎం.2 తప్పదు. 2021 సెప్టెంబరు అప్‌డేట్‌తో ఈ స్లాట్ అందరికీ అందుబాటులోకి వచ్చింది. మొదట 4 టీబీ దాకానే అనుమతించారు, 2023లో దాన్ని 8 టీబీకి పెంచారు. కొనేటప్పుడు పెట్టె మీద రెండు మాటలు వెతకాలి: ఎన్‌విఎంఈ, పీసీఐఈ 4.0. చూడటానికి అచ్చం ఇలాగే ఉండే సాటా రకం ఎం.2 డ్రైవ్‌లు కూడా అంగడిలో ఉన్నాయి. చవకగా వచ్చిందని అది తెస్తే కన్సోల్ దాన్ని గుర్తించదు. పాత 3.0 రకమూ పనికిరాదు. సెకనుకు 5,500 ఎంబీ చదివే వేగం ఉండాలని సోనీ సూచిస్తుంది. కొన్ని చవక డ్రైవ్‌లకు సొంత డీర్యామ్ ఉండదు, కంప్యూటర్ మెమరీలో కొంత అరువు తీసుకుని పనిచేస్తాయి. పీఎస్5 ఆ సౌకర్యం ఇవ్వదు కాబట్టి అలాంటి డ్రైవ్ ప్రకటించినంత వేగం ఇక్కడ చూపకపోవచ్చు.

వేడి సంగతి కూడా చూడాలి. ఇంత వేగంగా చదివే చిప్‌లు బాగా వేడెక్కుతాయి, వేడెక్కితే తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. అందుకే హీట్‌సింక్ తప్పనిసరి. అయితే దానితో కలిపి మొత్తం మందం 11.25 మిల్లీమీటర్లు, వెడల్పు 25 మిల్లీమీటర్లు దాటకూడదు. డెస్క్‌టాప్ కోసం చేసిన భారీ హీట్‌సింక్‌లు ఈ స్లాట్‌లో పట్టవు. హీట్‌సింక్ బిగించే అమ్మే డ్రైవ్, ‘పీఎస్5కు సరిపోతుంది’ అని రాసినది తీసుకుంటే ఈ కొలతల బాధ ఉండదు.

బిగించడం కష్టమైన పని కాదు, ప్లస్ ఆకారపు మొన ఉన్న చిన్న స్క్రూడ్రైవర్ ఒకటి చాలు. ముందుగా సిస్టమ్ సాఫ్ట్‌వేర్‌ను అప్‌డేట్ చేయాలి. తర్వాత కన్సోల్‌ను రెస్ట్ మోడ్‌లో కాకుండా పూర్తిగా ఆపి, వైర్లన్నీ తీసి, చల్లారనివ్వాలి. తెల్ల కవర్ తీసే తీరు మోడల్‌ను బట్టి మారుతుంది. మొదటి మోడల్‌లో స్టాండ్ విప్పి, కవర్ అంచును కొద్దిగా పైకెత్తి పక్కకు జరిపితే ఊడివస్తుంది. కింద పొడవాటి లోహపు మూత, దానికి ఒక స్క్రూ ఉంటాయి. మూత తీశాక లోపల ఇంకో చిన్న స్క్రూ, దాని కింద ఉంగరంలాంటి స్పేసర్ కనిపిస్తాయి. ఆ స్పేసర్‌ను డ్రైవ్ పొడవుకు తగిన గుంతలోకి మార్చాలి. సాధారణంగా దొరికే 2280 డ్రైవ్‌కు 80 అని రాసిన గుంత. డ్రైవ్ గాడిని కనెక్టర్ గాడితో సరిచూసి, ఏటవాలుగా చివరిదాకా తోసి, రెండో కొసను కిందికి అదిమి స్క్రూ బిగించాలి. సగమే దూరితే డ్రైవ్ కనపడదు, ‘పాడైపోయింది’ అనిపించే సందర్భాల్లో ముందు చూడాల్సింది ఇదే. కన్సోల్ ఆన్ కాగానే ఫార్మాట్ చేయమని అడుగుతుంది, అది ముగిశాక కొలిచిన వేగాన్ని తెరమీద చూపుతుంది. ఆ తర్వాత స్టోరేజ్ సెట్టింగ్స్‌లో ‘ఇన్‌స్టలేషన్ లొకేషన్’ దగ్గర కొత్త ఆటలు ఎక్కడికి దిగాలో ఎంచుకోవచ్చు. ఈ డ్రైవ్‌ను తీసి మరో పీఎస్5లో పెడితే అక్కడ మళ్లీ ఫార్మాట్ చేయాల్సిందే.

వేగమైన చోటు దక్కాల్సిన ఆటలేవో తేల్చేది ఆట సైజు కాదు. ఆడుతున్నంతసేపూ అది డ్రైవ్‌ను ఎంతగా అడుగుతుందన్నదే చూడాలి. 2021లో వచ్చిన రాచెట్ అండ్ క్లాంక్: రిఫ్ట్ అపార్ట్ 50 జీబీ కూడా ఉండదు. కానీ అందులో కథానాయకుడు ఒక ద్వారంలోంచి దూకితే మరో లోకం మొత్తం రెండు మూడు సెకన్లలో మెమరీలోకి రావాలి. స్పైడర్‌మ్యాన్ 2లో రెక్కలతో న్యూయార్క్ మీద ఎగురుతుంటే ముందున్న వీధులు వచ్చిపడుతూ, వెనుకవి ఖాళీ అవుతూ ఉంటాయి. మ్యాప్ మీద ఒకచోట నొక్కితే దాదాపు క్షణంలో అక్కడ దిగుతాం. ఈ రకం ఆటలకే ఎస్‌ఎస్‌డీ ప్రాణం. పోరాట ఆటలు వేరు. స్ట్రీట్ ఫైటర్ 6లో రంగస్థలం, ఇద్దరు మల్లులు ఒకసారి మెమరీలో చేరాక పోటీ ముగిసేదాకా డ్రైవ్‌కు పెద్దగా పని ఉండదు. ఆన్‌లైన్ పోటీల్లో ఎదురుచూపు చాలావరకు ఎదుటి ఆటగాళ్లు దొరకడం కోసమే, దానికి ఏ డ్రైవూ మందు కాదు.

అయినా కాల్ ఆఫ్ డ్యూటీ లాంటివి లోపల ఉంచడమే మేలు, కారణం వేగం కాదు. వాటికి అప్‌డేట్లు తరచుగా వస్తాయి. యూఎస్‌బీలో నిద్రపోతున్న పీఎస్5 ఆట లోపలికి మారాకే అప్‌డేట్ అవుతుంది. స్నేహితులు పిలిచిన రాత్రి ముందు తరలింపు, ఆపై అప్‌డేట్ అంటే ఆ రాత్రి అక్కడితో సరి.

లోపలి ఎస్‌ఎస్‌డీకి, సరైన ఎం.2కు మధ్య ఏది ఎక్కడ ఉండాలని తల పట్టుకోవడం మాత్రం అనవసరం. లోడింగ్‌లో తేడా ఉన్నా అది సెకనుకు అటూ ఇటూ. సెకనుకు 7,000 ఎంబీ అని రాసిన డ్రైవ్‌కు 5,500ది కంటే ఎక్కువ పెట్టడంకంటే, ఆ డబ్బుతో 1 టీబీకి బదులు 2 టీబీ తీసుకోవడం నయం. పీసీఐఈ 5.0 డ్రైవ్ పెట్టినా ఈ స్లాట్‌లో 4.0 వేగంతోనే నడుస్తుంది.

మొదటి మోడల్ 667 జీబీ ఉన్న ఇంట్లో దీన్ని అమలుచేస్తే ఇలా ఉంటుంది. స్పైడర్‌మ్యాన్ 2, రాచెట్, సగం ఆడిన బాల్డర్స్ గేట్ 3, వారం వారం ఆడే కాల్ ఆఫ్ డ్యూటీ లోపల. పూర్తయిన పీఎస్5 ఆటలు యూఎస్‌బీ హార్డ్ డిస్క్‌లో. పీఎస్4 ఆటలన్నీ కూడా అక్కడే, అయితే బ్లడ్‌బోర్న్ లాగా చచ్చి మళ్లీ లోడ్ అవుతూ ఉండే ఆటలకు హార్డ్ డిస్క్ బదులు యూఎస్‌బీ ఎస్‌ఎస్‌డీ ఉంటే ఎదురుచూపు బాగా తగ్గుతుంది. పీఎస్4, పీఎస్5 రెండు రూపాల్లోనూ దొరికే చిన్న ఆటలకు పీఎస్4 రూపం దించుకుంటే యూఎస్‌బీ నుంచే ఆడుకోవచ్చు. పెద్ద అప్‌డేట్లు దిగేటప్పుడు అదనపు చోటు అడుగుతాయి కాబట్టి లోపల కొంత ఖాళీ వదిలిపెట్టాలి. ఇంత సర్దినా వారానికి రెండుసార్లు ఆటలు అటూ ఇటూ మార్చాల్సి వస్తోందంటే, ఇక ఎం.2 కొనాల్సిన సమయం వచ్చినట్టు.

ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, సిరీస్ ఎస్‌లలో సూత్రం ఇదే, భాగాలు వేరు. అక్కడ స్క్రూలు విప్పే పని లేదు, సీగేట్, డబ్ల్యూడీ చేసే ప్రత్యేక కార్డును వెనుక గూట్లో గుచ్చితే చాలు. ఎక్స్‌బాక్స్ వన్, అంతకుముందరి ఆటలు యూఎస్‌బీ నుంచి నడుస్తాయి, సిరీస్ కన్సోళ్ల కోసం చేసినవి అక్కడ దాచుకోవడానికే. మామూలు ఎం.2 డ్రైవ్‌కు అందులో స్లాట్ లేదు కాబట్టి కార్డు ధర ఎంతైతే అంత పెట్టాల్సిందే.