పన్నెండూ పన్నెండూ సమానం కానప్పుడు

ప్రొద్దుటూరులో మూడంతస్తుల విద్యార్థి వసతి గృహం కట్టబోతున్న ఒక పాఠకుడు అడిగిన ప్రశ్న ఇది: “మా ఇంజనీరు రిస్క్ మ్యాట్రిక్స్ వేసి ఇచ్చాడు. ఇసుక అందకపోవడానికి 12 వచ్చింది. నల్లరేగడి ఉబ్బి గోడలు పగలడానికీ 12 వచ్చింది. దేన్ని ముందు చూసుకోవాలి?” ఉత్తరం చదివాక ఈ నెలకు అనుకున్న అంశాన్ని పక్కన పెట్టేశాను. ఈ రెండు పన్నెండ్ల వెనక, పెద్ద పెద్ద ప్రాజెక్టు ఆఫీసుల్లో కూడా గమనించని గణితం ఒకటి దాగి ఉంది.

ముందు పట్టిక సంగతి. కట్టడానికి రాగల ఆపదలను వరసగా రాసుకుంటారు. ఒక్కోదానికి రెండు మార్కులు వేస్తారు. జరిగే అవకాశానికి 1 నుంచి 5, జరిగితే కలిగే నష్టానికి 1 నుంచి 5. రెంటినీ గుణిస్తారు. పెద్ద అంకె వచ్చిన గడికి ఎరుపు, మధ్యదానికి పసుపు, చిన్నదానికి ఆకుపచ్చ. నేర్చుకోవడానికి పది నిమిషాలు చాలు. అందుకే ఇది ప్రపంచమంతా పాకింది.

ఇప్పుడు మన పాఠకుడి పట్టికలోకి వెళ్దాం. అవకాశంలో 3వ మెట్టు అంటే 20 నుంచి 40 శాతం, 4వ మెట్టు 40 నుంచి 70, ఆపైన 5 అనుకుందాం. నష్టంలో 3వ మెట్టు 5 నుంచి 20 లక్షలు, 4వది 20 నుంచి 75 లక్షలు. ఇసుక ఆగిపోయే అవకాశం 60 శాతం, ఆగితే కూలీలు ఖాళీగా కూర్చోవడం, ఎక్కువ ధర పెట్టి కొనడం కలిపి నష్టం 7 లక్షలు. మార్కులు 4, 3. లబ్ధం 12. రేగడి దెబ్బ తగిలే అవకాశం 30 శాతం, తగిలితే పునాది కింద పని, గోడలు, గచ్చు తిరగచేయడానికి 60 లక్షలు. మార్కులు 3, 4. మళ్లీ 12.

మార్కులు వదిలేసి అసలు అంకెలనే గుణించి చూడండి. ఇలాంటి భవనాలు పది కడితే ఆరింటికి ఇసుక ఇబ్బంది వస్తుంది. మొత్తం నష్టం 42 లక్షలు, అంటే భవనానికి సగటున 4.2 లక్షలు. రేగడి దెబ్బ మూడింటికి తగులుతుంది. మొత్తం 180 లక్షలు, భవనానికి 18 లక్షలు. ఒకే మార్కు వచ్చిన రెండు ఆపదల మధ్య నాలుగింతలకు పైగా తేడా! అదే పట్టికలో బిల్లులు ఆలస్యం కావడం అనే మూడో ఆపద కూడా ఉంది. అవకాశం 75 శాతం, నష్టం 6 లక్షలు. దానికి వచ్చిన మార్కు 15, అంటే రేగడి కన్నా పైన కూర్చుంది. దాని సగటు నష్టం మాత్రం 4.5 లక్షలే.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, 1 నుంచి 5 వరకు వేసిన మార్కులు కొలతలు కావు, వరస సంఖ్యలు. తరగతిలో నాలుగో ర్యాంకును మూడో ర్యాంకుతో గుణిస్తే ఏమొస్తుంది? అర్థమున్నదేదీ రాదు. పైగా ఒక్కో మెట్టు ఎంత వెడల్పో చూడండి. అవకాశం 3, నష్టం 4 ఉన్న గడిలో అన్నిటికన్నా చిన్న ఆపద 20 శాతం, 20 లక్షలు. సగటు 4 లక్షలు. అన్నిటికన్నా పెద్దది 40 శాతం, 75 లక్షలు. సగటు 30 లక్షలు. ఒక్క గడిలో ఏడు రెట్లకు పైగా తేడా ఉన్నవి ఒకే రంగు వేసుకుని కూర్చుంటాయి.

దీన్ని గణితంగా నిలబెట్టినవాడు టోనీ కాక్స్. 2008లో ‘రిస్క్ అనాలిసిస్’ పత్రికలో ఆయన రాసిన వ్యాసంలో ఒక ఉదాహరణ నాకు ఎంతో ఇష్టం. దాన్ని మన లెక్కల్లోకి మార్చి చెబుతాను. రెండే మెట్లున్న చిన్న పట్టిక తీసుకోండి. అవకాశం 50 శాతం దాటితే ఎక్కువ, లేకపోతే తక్కువ. నష్టం 50 లక్షలు దాటితే ఎక్కువ, లేకపోతే తక్కువ. రెండూ తక్కువైతే ఆకుపచ్చ, ఒకటి ఎక్కువైతే పసుపు. నిర్మాణాల్లో తరచూ జరిగేవి చిన్న నష్టాలు, అరుదుగా జరిగేవి పెద్ద నష్టాలు కదా. కాబట్టి అవకాశం శాతాన్నీ నష్టం లక్షలనూ కూడితే ఎప్పుడూ 75 వస్తుందని అనుకుందాం. 65 శాతం అవకాశం, 10 లక్షల నష్టం ఉన్న ఆపద పసుపులో పడుతుంది. దాని సగటు 6.5 లక్షలు. 40 శాతం, 35 లక్షల ఆపద ఆకుపచ్చలో పడుతుంది. దాని సగటు 14 లక్షలు. పసుపు చిన్నది, ఆకుపచ్చ పెద్దది! ఈ ఒక్క జత మాత్రమే కాదు. ఈ లెక్కన పసుపులో పడే ఏ ఆపద సగటైనా 12.5 లక్షల లోపే ఉంటుంది, ఆకుపచ్చలో పడేది ఏదైనా 12.5 లక్షలో అంతకు మించో ఉంటుంది. కాగితం, పెన్ను పెట్టుకుని సరిచూడండి. ఇలాంటి పరిస్థితిలో పట్టికను నమ్మడం కన్నా నాణెం ఎగరేయడం మేలని కాక్స్ తేల్చాడు.

మార్కులు వద్దు, మాటలే చాలు అనేవాళ్లూ ఉన్నారు. వాళ్ల పొరపాటు ఇంకా పాతది. 1951లో అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ, యుగోస్లావియా మీద దాడి జరగడానికి ‘గట్టి అవకాశం’ ఉందని నివేదిక ఇచ్చింది. దాన్ని రాసిన బృందంలోని షెర్మన్ కెంట్ తర్వాత సహచరులను అడిగితే, ఒకరి మనసులో అది 20 శాతం, మరొకరి మనసులో 80 శాతం. ఒకే మాట మీద అందరూ సంతకం పెట్టారు. మన సైట్లలోనూ “ఇసుక దొరకడం కష్టమేనబ్బా” అన్న మేస్త్రీ మాటకు యజమాని ఒక శాతం వేసుకుంటాడు, కాంట్రాక్టరు ఇంకో శాతం వేసుకుంటాడు.

అందుకే శాతం రాయాలి, దాన్ని గతం నుంచి తీయాలి. ఇసుక సంగతే చూడండి. 2019లో వరదలు, విధానం మార్పు కలిసి రాష్ట్రమంతా ఇసుక కరువై పనులు ఆగాయి. 2024 జూలైలో ఉచిత ఇసుక విధానం వచ్చి లెక్క మళ్లీ మారింది. జమ్మలమడుగు వైపు ఉక్కు కర్మాగారానికి 2018 డిసెంబరులో ఒకసారి, 2019 డిసెంబరులో ఒకసారి, 2023 ఫిబ్రవరిలో మరోసారి శంకుస్థాపన జరిగింది. నిధుల ఆలస్యానికి ఎంత శాతం వేయాలని అడిగే ఇంజనీరుకు ఇంతకన్నా దగ్గరి పాఠం ఉండదు. ఇక ప్రొద్దుటూరు పట్టికను పులివెందులకు నకలు తీయకూడదు. అక్కడ గుంట తవ్వితే తొందరగా రాయి తగిలే జాగాలున్నాయి. అలాంటి చోట ఉబ్బడం కన్నా రాయి కొట్టే ఖర్చే పెద్ద పద్దు.

ఇప్పుడు పాఠకుడి అసలు ప్రశ్న: ఏది ముందు? ఆపదలకు వరస కట్టడం దగ్గరే చాలామంది ఆగిపోతారు. డబ్బు పెట్టేది మాత్రం ఆపద మీద కాదు, దానికి చేసే ఉపాయం మీద. కాబట్టి వరస కట్టాల్సింది ఉపాయాలకు. ఉపాయం వల్ల తగ్గే సగటు నష్టాన్ని దాని ఖర్చుతో భాగించండి. రూపాయి పెడితే ఎన్ని రూపాయల నష్టం తప్పుతుందో తెలుస్తుంది.

వానలకు ముందే ఇసుక తోలి నిల్వ చేసుకోవడానికి లక్ష ఖర్చు, అవకాశం 60 నుంచి 20 శాతానికి దిగుతుంది అనుకుందాం. తప్పేది 2.8 లక్షలు. రూపాయికి 2.8. రేగడికి ఉపాయాలు రెండు. మొదటిది భవనం చుట్టూ నీళ్లు దిగకుండా సిమెంటు ఏప్రాన్ వేసి, వాననీటి గొట్టాలను పునాదికి దూరంగా వదలడం. ఖర్చు లక్షన్నర, అవకాశం 30 నుంచి 20కి తగ్గుతుంది, తప్పేది 6 లక్షలు. రూపాయికి 4. రెండోది అండర్ రీమ్డ్ పైల్స్, అంటే తడి, ఎండ తగిలే పైపొరను దాటి, దాదాపు మూడున్నర మీటర్ల లోతుకు దిగి, అడుగున ఉబ్బెత్తుగా ఉండే స్తంభాలు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ మన రేగడి నేలల కోసం వీటిని అభివృద్ధి చేసింది. ఖర్చు 8 లక్షలు ఎక్కువ, అవకాశం ఐదో వంతుకు పడిపోతుంది. 30 నుంచి 6 శాతం, తప్పేది 14.4 లక్షలు. రూపాయికి 1.8.

ఏప్రాన్ కూడా వేస్తామని తేల్చుకున్నాక పైల్స్ లెక్క మళ్లీ చేయాలి. అప్పుడు అవి తగ్గించేది 20 నుంచి 4 శాతానికే. తప్పేది 9.6 లక్షలు, రూపాయికి 1.2. ఒక ఉపాయం రెండోదాని పనిలో కొంత ముందే చేసేస్తుంది కాబట్టి విడివిడిగా లెక్కేసి కూడితే లాభాన్ని ఎక్కువ చేసి చూపినట్టవుతుంది. అయినా 1.2 అంటే ఒకటి దాటింది, పెట్టదగ్గ ఖర్చే. వరస చివర ఉన్నా దీని నిర్ణయం గుంట తవ్వకముందే జరగాలి. ఏప్రాన్ కట్టడం అయ్యాక కూడా వేయవచ్చు, పైల్స్ తర్వాత వేయలేం. కాబట్టి ఉపాయాల వరసలో నిష్పత్తి పక్కనే గడువు తేదీకి ఒక నిలువు వరస ఉండి తీరాలి.

వీటన్నిటికన్నా ముందు చేయవలసింది ఇంకా చవకైనది. ఆరిన మట్టిని 425 మైక్రాన్ల జల్లెడ పట్టి, పదేసి గ్రాములు రెండు కొలత జాడీల్లో పోస్తారు. ఒకదాంట్లో శుద్ధజలం, రెండోదాంట్లో కిరసనాయిలు. 24 గంటలు కదపకుండా ఉంచుతారు. కిరసనాయిలులో మట్టి ఉబ్బదు. నీళ్లలో 17 మిల్లీలీటర్లకు ఉబ్బి, కిరసనాయిలులో 10 దగ్గరే ఉంటే తేడా 70 శాతం. మామూలుగా 50 శాతం లోపు మట్టి పెద్దగా బాధించదు. ఇది భారత ప్రమాణం 2720, 40వ భాగంలో ఉన్న పరీక్ష. దీని ఫలితం వచ్చాక 30 శాతం అన్న ఊహ పోయి, 5 కావచ్చు, 60 కావచ్చు. 5 అయితే పైల్స్‌తో తప్పేది రెండున్నర లక్షలు కూడా ఉండదు, 8 లక్షలు మిగిలినట్టే. 60 అయితే పైల్స్ గురించి చర్చే ఉండదు.

ఈ లెక్కలకు రెండు హద్దులున్నాయి. సగటు నష్టం డబ్బుకే పనికొస్తుంది. మనుషుల ప్రాణాలు పోయే ఆపదను, యజమానిని కోలుకోనివ్వని ఆపదను నిష్పత్తితో తూచకూడదు. వాటిని ముందే విడిగా తీసి, ఖర్చెంతైనా అడ్డుకట్ట వేయాలి. రెండోది, పట్టిక ఒక్కో ఆపదను ఒక్కో గడిలో వేరుగా చూపిస్తుంది. 2021 నవంబరు 19న, అప్పటి కడప జిల్లా రాజంపేట దగ్గర చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. కుండపోత వాన, ఎగువన పింఛ ప్రాజెక్టు తెగి రావడం, ఐదు గేట్లలో ఒకటి లేవకపోవడం ఒకే సమయానికి వచ్చి పడ్డాయి. విడిగా గుణిస్తే అతి చిన్న అంకె వచ్చే కలయిక అది. కానీ పింఛ తెగడానికీ ఇక్కడ గేట్లన్నీ ఒకేసారి ఎత్తాల్సి రావడానికీ కారణం ఒకే వాన. మన సైటు దగ్గర కూడా నవంబరు వాన ఇసుకను ఆపుతుంది, గుంటను నింపుతుంది, రేగడిని ఉబ్బిస్తుంది. ఒకే మూలం ఉన్న ఆపదలను పట్టికలో కలిపి రాసి, మూడూ కలిసి వస్తే ఏమవుతుందో ఒకసారి లెక్కేయాలి.

ప్రొద్దుటూరు పాఠకుడికి నా జవాబు ఇది. మీ పట్టికలో లబ్ధాలు కొట్టేసి, శాతాలూ లక్షలూ రాయించండి. పునాది దిగే లోతు నుంచి మట్టి తీయించి, సివిల్ ఇంజనీరింగ్ ప్రయోగశాల ఉన్న దగ్గరి కళాశాలకు పంపండి. పులివెందుల జె.ఎన్.టి.యు. కళాశాలలో సివిల్ విభాగం ఉంది, అక్కడ అడగవచ్చు. ఆ కాగితం చేతికి వచ్చేదాకా గుంట తవ్వనివ్వకండి.