పై ఇంటివారి తలుపు కింద ఒక చీటీ

పారిస్‌లోనూ లియాన్‌లోనూ పాత అపార్ట్‌మెంట్లలో అద్దెకుండేవారికి మొదట ఎదురయ్యే తగాదా చప్పుడే. నూరేళ్లు దాటిన భవనాలు అక్కడ కొల్లలు. నేల చాలాచోట్ల చెక్కపలకలది, దాన్ని వాళ్లు పార్కే అంటారు. ఆ పలకలు చెక్క దూలాల మీద నిలబడి ఉంటాయి. పైవాళ్లు కుర్చీ జరిపితే ఆ అదురు దూలాల వెంట దిగి కిందివాళ్ల పైకప్పులో మోగుతుంది. కొత్త ఇళ్లలో చప్పుడు ఎంతవరకు దాటిరావచ్చో ఫ్రాన్స్ తొలిసారి జాతీయ నిబంధన పెట్టింది 1969లో. అంతకుముందు కట్టినవాటికి అలాంటి కొలతే లేదు. కాబట్టి అర్ధరాత్రి మనల్ని లేపిన మనిషి చాలాసార్లు మామూలుగా భోంచేసి, బల్ల దగ్గరనుంచి లేచినవాడే. తన ఇంట్లో ఆ చప్పుడు అతనికి వినపడదు.

ఇలాంటప్పుడు ఫ్రెంచివాళ్లు ముందుగా చేసే పని, నాలుగైదు వాక్యాల చీటీ రాసి తలుపు కింద నుంచి తోయడం, లేదా కింద హాలులో ఉండే ఉత్తరాల పెట్టెలో వేయడం. పెట్టెల మీద ఇంటిపేర్లు ఉంటాయి కనుక ఎవరికి వేయాలో తెలుస్తుంది. అక్కడికి చదువుకీ ఉద్యోగానికీ వెళ్లే మన పిల్లలకు ఈ చీటీ రాయడం చేతకాకపోతే, రెండే దారులు మిగులుతాయి. నోరుమూసుకుని నిద్ర పాడుచేసుకోవడం, లేదా కోపం పట్టలేక తలుపు బాదడం. రెండూ మంచివి కావు.

రాసేముందు చప్పుడు ఎక్కడిదో తేల్చుకోవాలి. చెక్క దూలాల భవనాల్లో అది పక్కకు కూడా పాకుతుంది. సరిగ్గా నెత్తిమీద మోగుతున్నట్టే ఉంటుంది, తీరా అది పక్క వాటాది. చప్పుడు మొదలవగానే మెట్ల దగ్గరికి వెళ్లి ఏ తలుపు వెనక వినిపిస్తోందో చెవి పెట్టి చూడాలి. ఓ వారం పాటు ఏ రోజు, ఏ వేళకు, ఏ రకం చప్పుడో రాసుకోవాలి. సంగీతమా, బట్టలుతికే యంత్రమా, మడమల చెప్పులా, కుర్చీలా అన్నది తెలిస్తేనే ఏం అడగాలో తెలుస్తుంది. ఇంట్లో నడవొద్దని ఎవరినీ అడగలేం. చెప్పులు విప్పి నడవమని, కుర్చీకాళ్లకు మెత్తటి బిళ్లలు అంటించమని అడగొచ్చు.

లియాన్‌లో రెండో అంతస్తులో ఉంటున్న ఒక తెలుగమ్మాయి అనుకుందాం. పైవాళ్లు రాత్రి పదకొండు దాటాక కుర్చీలు ఈడుస్తున్నారు. ఆమె రాయదగిన చీటీని మన అక్షరాల్లో పలికితే ఇలా ఉంటుంది:

«బోఁజూర్. జ స్వీ వోత్ర్ వ్వాజీన్ ద్యు దుజ్యెమ్ ఎతాజ్. వూ న వూజాఁ రాఁదే సాఁ దూత్ పా కోఁత్, మే ల స్వార్, అప్రె వ్యాఁత్-త్ర్వా జర్, జాఁతాఁ లె షేజ్ స్యుర్ ల పార్కే. లిమ్మబ్ల్ ఎ మాల్ ఇజోలే. పురియే వూ, సిల్ వూ ప్లే, మెత్ర్ దె పాతాఁ ఆఁ ఫత్ర్ సూ లె షేజ్? సి జ వూ దెరాఁజ్ మ్వా ఓసి, దీత్ ల మ్వా. మెర్సీ ద వోత్ర్ కోఁప్రెయాఁస్యోఁ. బ్యాఁ కోర్ద్యాల్మాఁ.»

తెలుగులో చెప్తే: «నమస్కారం. నేను రెండో అంతస్తులో మీ పొరుగునుంటాను. మీకు తెలిసి ఉండకపోవచ్చు, కానీ రాత్రి పదకొండు దాటాక చెక్కనేల మీద కుర్చీల చప్పుడు నాకు వినిపిస్తోంది. మన భవనంలో శబ్దం ఆగదు. దయచేసి కుర్చీలకు ఉన్ని బిళ్లలు అంటించగలరా? నావల్ల మీకేమైనా ఇబ్బందైతే నాకూ చెప్పండి. అర్థం చేసుకున్నందుకు కృతజ్ఞతలు.» కింద పేరు, అంతస్తు.

ప్రతి వాక్యానికీ ఒక పనుంది. మొదటిది రాసింది ఎవరో చెబుతుంది. పేరులేని చీటీని అక్కడ పిరికితనంగా, ఒక్కోసారి బెదిరింపుగా చూస్తారు. రెండోది అవతలివారి మర్యాద కాపాడుతుంది. కావాలని చేస్తున్నారని మీరు అనుకోవడం లేదని తెలిశాక, వాళ్లు తమను సమర్థించుకోవలసిన అవసరం ఉండదు. మూడోది తప్పును మనిషి మీద కాక గోడల మీద వేస్తుంది, పైగా అది నిజం కూడా. నాలుగోది ఒకే కోరిక, అదీ చవకగా, వెంటనే తీరేది. ఆ ఉన్ని బిళ్లలు ఏ ఇంటి సామాన్ల దుకాణంలోనైనా దొరుకుతాయి. చివరిది రాకపోకలకు దారి తెరిచి ఉంచుతుంది.

సంబోధన విషయంలో మనకు చిక్కులేదు. మన 'మీరు'లాంటిదే వాళ్ల 'వూ'. పైవాళ్లు మీకంటే చిన్నవాళ్లైనా, ముఖపరిచయం లేనంతకాలం అదే వాడాలి. 'పురియే వూ' అన్నది 'చేయగలరా' అన్నంత మెత్తన. దాని బదులు 'మీరు చేయాలి' అని రాస్తే చీటీ మొత్తం ఆజ్ఞగా మారిపోతుంది. 'మరీ ఎక్కువ చప్పుడు చేస్తున్నారు' అన్న మాటా, ఆశ్చర్యార్థకాలూ, పెద్ద అక్షరాలూ అదే పని చేస్తాయి. చీటీని హాలులో అందరికీ కనబడేలా అంటిస్తే ఆ ఇంటివారి పరువు తీసినట్టే. హాలులో, లిఫ్టులో అంటించే చీటీ వేరే ఉంది: ఫలానా శనివారం మా ఇంట్లో విందు ఉంది, కాస్త ఓర్చుకోండి అని ముందే చెప్పేది. మీరు పుట్టినరోజు చేసుకుంటే అది మీరూ పెట్టాలి.

మొదటి చీటీలో చట్టం మాట ఎత్తకూడదు. కానీ తెలిసి ఉండాలి. రాత్రి ఇతరుల ప్రశాంతతను చెడగొట్టే చప్పుడును ఫ్రెంచి శిక్షాస్మృతి 'తపాజ్ నొక్త్యుర్న్' కింద నేరంగా చూస్తుంది. మామూలుగా అక్కడికక్కడే వేసే జరిమానా 68 యూరోలు, కోర్టుకెక్కితే గరిష్ఠంగా 450. రాత్రంటే వాడుకలో పది నుంచి ఉదయం ఏడు దాకా. అంటే పగలు ఎంత గోలైనా చేసుకోవచ్చని కాదు. మితిమీరిన చప్పుడు ఏ వేళైనా తప్పేనని ప్రజారోగ్య నిబంధనలు చెబుతున్నాయి. ఏడాదికి ఒక్కసారి రాత్రంతా పండగ చేసుకునే హక్కు ఉందని చాలామంది నమ్ముతారు. అలాంటి హక్కేదీ లేదు.

చీటీ వేశాక ఓ పది రోజులు ఆగాలి. చప్పుడు తగ్గితే మెట్ల మీద కనిపించినప్పుడు థ్యాంక్స్ చెప్పాలి. తగ్గకపోతే సాయంత్రం ఏడుకు, అందరూ మామూలు మూడ్‌లో ఉన్నప్పుడు, తలుపు తట్టి మాట్లాడాలి. రాత్రి పన్నెండుకు కోపంతో వెళ్లకూడదు. అప్పటికీ లాభం లేకపోతే రిజిస్టర్డ్ ఉత్తరం, తర్వాత భవన నిర్వహణ చూసే సెందిక్, ఆపైన కోఁసిల్యాతర్ అనే ఉచిత మధ్యవర్తి. పొరుగువారి ఇబ్బందిపై కోర్టుకు వెళ్లాలంటే, ముందుగా ఇలా సామరస్యంగా ప్రయత్నించాలని 2023 అక్టోబరు నుంచి నిబంధన కూడా ఉంది. అందుకే మొదటి చీటీని ఫోన్‌తో ఫొటో తీసి, తేదీతో దాచుకోవాలి. మీరు మర్యాదగా మొదలుపెట్టారనడానికి అదే తొలి ఆధారం.

ఫ్రాన్స్‌కు బయలుదేరుతున్న పిల్లలు మీ ఇంట్లో ఉంటే, ఈ ఆరు వాక్యాలను ఫ్రెంచి తెలిసినవారి చేత సరైన అక్షరాలతో రాయించి, సూట్‌కేసులో పెట్టి పంపండి.