పాప పక్కన బొమ్మ పెట్టి ఫొటో తీసేముందు

మెత్తటి బొమ్మల ప్రకటనల్లో తరచూ కనిపించే ఫొటో ఒకటుంది. నెలల పాప బోర్లా పడుకుని నిద్రపోతుంటుంది. బుగ్గకు ఆనుకుని కుందేలు బొమ్మ, చుట్టూ దిండ్లు, పైన దళసరి బొంత. చూడగానే ముద్దొస్తుంది. కానీ పిల్లల డాక్టర్లు వద్దని చెప్పేవన్నీ ఆ ఒక్క ఫొటోలోనే ఉన్నాయి.

ఏడాదిలోపు పిల్లల్ని వెల్లకిలా, గట్టి పరుపు మీద పడుకోబెట్టాలి. పక్కలో దిండు, బొంత, బొమ్మ ఏవీ ఉండకూడదు. ముఖానికి ఏదైనా అడ్డుపడితే తోసేసుకునే బలం ఆ వయసు పిల్లలకు ఉండదు. ఫొటో తీసినవాళ్ళ ఉద్దేశం బొమ్మ అమ్ముకోవడమే కావచ్చు. కొత్తగా తల్లిదండ్రులైనవాళ్ళు మాత్రం అందులోంచి పిల్లను పడుకోబెట్టే తీరు కూడా నేర్చుకుంటారు. అమెరికాలో మహిళల పత్రికల్లో వచ్చిన ఇలాంటి చిత్రాలను పరిశీలించిన ఒక అధ్యయనం 2009లో ‘పీడియాట్రిక్స్’ పత్రికలో వచ్చింది. నిద్రపోతున్న శిశువుల చిత్రాల్లో మూడో వంతుకు పైగా వెల్లకిలా పడుకోనివేనని అందులో తేలింది.

ఇప్పుడు అదే కుందేలు బొమ్మకు సరైన ఫొటో ఎలా తీయాలో చూద్దాం. మొదట మంచం తీసేయాలి. నేల మీద చాప పరిచి, కూర్చోవడం బాగా వచ్చిన, ఏడాది దాటిన పాపను మెలకువగా ఉన్నప్పుడు కూర్చోబెట్టాలి. పక్కనే అమ్మ చెయ్యో నాన్న మోకాలో ఫ్రేములో కనిపించాలి. పెద్దవాళ్ళు దగ్గరే ఉన్నారన్న ధైర్యం చూసేవాళ్ళకు అక్కడే కలుగుతుంది. మెడకు కట్టిన పొడవాటి రిబ్బను ఫొటో కోసం విప్పేసి, అమ్మేటప్పుడు మళ్ళీ కట్టి పంపితే అది మోసం. అలాంటి రిబ్బను పసిపిల్లల బొమ్మకు అసలు ఉండకూడదు.

తర్వాత బొమ్మ ముఖాన్ని దగ్గర నుంచి తీయాలి. కొనేవాళ్ళు చూడాల్సింది కళ్ళు. గుండీలో పూసలో కుట్టిన కళ్ళు ఊడివస్తే గొంతుకు అడ్డుపడతాయి. దారంతో కుట్టిన కళ్ళకు ఆ భయం లేదు. బొమ్మల పరీక్షకు ఒక చిన్న గొట్టం వాడతారు. దాని వెడల్పు 31.7 మిల్లీమీటర్లు. ఊడిన ముక్క ఆ గొట్టంలో పూర్తిగా ఇమిడిపోతే మూడేళ్ళలోపు పిల్లలకు ప్రమాదమని లెక్క.

కళ్ళ కుట్టు, చెవుల అతుకు కనిపించాలంటే వెలుతురు పక్క నుంచి రావాలి. కిటికీకి పల్చటి తెల్లగుడ్డ కట్టి, బొమ్మను దాని పక్కన పెడితే చాలు. ఎదురుగా ఫ్లాష్ కొడితే బొచ్చంతా చదునుగా కనిపించి, కుట్లు మాయమైపోతాయి. బొమ్మ పక్కన పెద్దవాళ్ళ అరచెయ్యి ఉంచితే సైజు తెలుస్తుంది. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి పద్నాలుగేళ్ళలోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. కాబట్టి ఆ ట్యాగును విడిగా, అక్షరాలు చదవగలిగేంత దగ్గరగా తీసి చూపించాలి.

పాలసీసా సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. సీసాను దిండుకు ఆనించి, పాపను ఒంటరిగా తాగమని వదిలేసినట్టున్న ఫొటోలు విదేశీ సైట్లలో కనిపిస్తుంటాయి. అలా తాగితే పాలు పొలమారతాయి, చెవిలో ఇన్ఫెక్షన్లు కూడా రావచ్చు. సీసాతో పట్టక తప్పనప్పుడు పాపను కాస్త తల ఎత్తి ఒళ్ళో పెట్టుకుని, సీసాను పెద్దవాళ్ళే పట్టుకోవాలి. అది చూపలేని చిత్రం ఎంత అందంగా ఉన్నా తప్పే నేర్పుతుంది.

మన దగ్గరైతే ఇది కేవలం మంచి చెడ్డల విషయం కాదు. పాలపొడులు, పాలసీసాలు, శిశు ఆహారాలపై 1992లో వచ్చిన చట్టం, 2003 సవరణతో కలిపి, వాటి ప్రకటనలను నిషేధించింది. రబ్బరు పీక కూడా సీసాలో భాగమే. ప్రకటన అంటే పత్రికలో వచ్చేది మాత్రమే కాదు. కరపత్రం, లేబుల్, కంటికి కనిపించే ప్రచారం ఏదైనా దాని కిందికే వస్తాయి. ఉల్లంఘిస్తే మూడేళ్ళ వరకు జైలు, లేదా ఐదు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. తల్లిపాలకు సీసా పోటీ కాకూడదన్నదే ఈ చట్టం ఉద్దేశం. తల్లి పాలు పిండి పట్టాల్సి వచ్చినప్పుడు కూడా డాక్టర్లు సీసాకు బదులు ఉగ్గుగిన్నె వంటి పాత్రనో చెంచానో వాడమంటారు. అందుకే నవ్వుతున్న పాప నోట్లో సీసా పెట్టి పోస్టరు చేయమని ఎవరైనా అడిగితే, ఫొటోగ్రాఫరైనా డిజైనరైనా ఒప్పుకోకూడదు.

కొనేవాళ్ళకు ఒక్క మాట. ఫొటోలో పాప నవ్వు చూసి బొమ్మ కొనకండి. బొమ్మ కళ్ళు ఎలా కుట్టారు, మెడలో తాడుందా, ఐఎస్ఐ గుర్తుందా చూడండి. అవి చూపించని దుకాణాన్ని అడగండి. చూపించలేకపోతే ఆ బొమ్మ మీ ఇంటికి అక్కర్లేదు.