వరదలో తడిసిన బైక్: సెల్ఫ్ నొక్కే ముందు ఇది చూడండి

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్ నగర్‌లో బైకులు ఎలా మునిగిపోయాయో మీరూ వీడియోల్లో చూసే ఉంటారు. నీళ్లు తగ్గగానే అందరి వేలూ ముందు సెల్ఫ్ బటన్ మీదకే వెళ్తుంది. కానీ ఆ ఒక్క నొక్కుతో ఇంజిన్ పోవచ్చు. ఎలాగో చెప్తా.

పిస్టన్ పైకి వస్తూ లోపలి గాలిని నొక్కుతుంది. గాలి అణుగుతుంది, నీళ్లు అణగవు. 100 సీసీ బండి, కంప్రెషన్ రేషియో 10:1 అనుకోండి. పిస్టన్ పూర్తిగా పైకొచ్చాక మిగిలే ఖాళీ సుమారు 11 మిల్లీలీటర్లే. అంటే రెండు టీస్పూన్లకి కాస్త ఎక్కువ నీళ్లున్నా పిస్టన్ మధ్యలోనే ఆగిపోతుంది. బలవంతంగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

మరి నీళ్లు లోపలికి వెళ్లాయో లేదో ఎలా తెలుస్తుంది? బండి మీద బురద గీత ఎక్కడిదాకా ఉందో చూడండి. తర్వాత ఎయిర్ ఫిల్టర్ మూత తీయండి. ఫిల్టర్ తడిగా ఉంటే ఇంజిన్‌లోకీ వెళ్లాయనే అనుకోండి. నడుపుతుండగా నీళ్లలో ఆగిపోయిన బండైతే ఇంకా డేంజర్, ఎందుకంటే తిరిగే ఇంజిన్ నీళ్లని తనే లోపలికి లాక్కుంటుంది. ఆపేసి తోసుకొచ్చినా సైలెన్సర్ మునిగితే అటునుంచి వెళ్లే ఛాన్స్ ఉంది.

ఇప్పుడు పని మొదలుపెడదాం. తాళం ఆఫ్‌లోనే ఉంచి, బ్యాటరీ నెగటివ్ వైర్ తీసేయండి. ప్లగ్ చుట్టూ బురద తుడిచి, ప్లగ్ విప్పండి. మొహం పక్కకి పెట్టి, కిక్ రాడ్‌ని చేత్తో మెల్లగా నొక్కండి. నీళ్లుంటే ప్లగ్ రంధ్రంలోంచి చిమ్ముతాయి. కిక్ లేని బండైతే సెంటర్ స్టాండ్ వేసి, టాప్ గేర్‌లో పెట్టి, వెనక చక్రం చేత్తో తిప్పండి. ప్లగ్ తీశాక కూడా ఇంజిన్ బిగుసుకుపోయి ఉంటే అక్కడితో ఆపేసి, బండిని ఆటో ట్రాలీలో మెకానిక్ దగ్గరికి పంపండి.

తర్వాత ఆయిల్. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు కలిసినట్టే. మామూలుగా కనిపించినా నమ్మకండి. బండి రాత్రంతా కదలకుండా ఉంటే నీళ్లు అడుక్కి చేరతాయి, డిప్‌స్టిక్‌కి పైన తేలే ఆయిలే అంటుతుంది. అందుకే కింద డ్రెయిన్ బోల్టు విప్పితే ముందు నీళ్లు, తర్వాత ఆయిల్ వస్తాయి.

పాత ఆయిల్ మొత్తం తీసి కొత్తది పోయండి. ఎయిర్ ఫిల్టర్ కొత్తది వేయండి, ప్లగ్ ఆరబెట్టి బిగించండి. కార్బురేటర్ బండైతే దాని కింది స్క్రూ వదులు చేసి అడుగున చేరిన నీళ్లు వదిలేయండి. ట్యాంక్‌లోకి నీళ్లు వెళ్లిన ఇంజెక్షన్ బండిని మాత్రం మెకానిక్‌కే వదలండి.

అప్పుడు బ్యాటరీ తగిలించి స్టార్ట్ చేయండి. ఐదు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపి, ఆయిల్ మళ్లీ చూడండి. మళ్లీ టీ రంగు వస్తే ఇంకోసారి మార్చాల్సిందే. లోపల టకటక శబ్దం వస్తే వెంటనే ఆపేయండి, రాడ్ వంగి ఉండొచ్చు.

చివరగా ఒక్క మాట. మీది ఫుల్ ఇన్సూరెన్స్ అయితే ఇవేవీ ముట్టుకోకముందే బురద గీత కనిపించేలా ఫొటోలు తీసి కంపెనీకి ఫోన్ చేయండి. నీళ్లున్న ఇంజిన్‌ని స్టార్ట్ చేసి పాడుచేశారని క్లెయిమ్‌లో కోత పెట్టే అవకాశం ఉంది. థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే ఈ ఖర్చు మీదే. ఉంటా మరి, నెక్స్ట్ వీడియోలో కలుద్దాం.