డిజైన్ చెడకుండా థీమ్ మార్చుకోవడం ఎలా?

వెబ్‌సైట్ పెట్టాలనుకున్నవాళ్లు థీమ్‌ను ఎంచుకునేది దాని నమూనా పేజీ చూసి. ఆ పేజీలో పెద్ద ఫొటో, రెండు మూడు మాటల ఇంగ్లిషు శీర్షిక, చుట్టూ బోలెడంత ఖాళీ ఉంటాయి. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. అందులో మన తెలుగు రాతలు, మన ఫోన్‌లో తీసిన ఫొటోలు పెట్టగానే రూపం మారిపోతుంది. శీర్షికలోని వత్తులు కింది వరుసకు తగులుతాయి. మెనూ రెండు వరుసల్లోకి జారుతుంది. నచ్చిన రంగు వేస్తే దాని మీది అక్షరాలు కనబడవు. థీమ్ మంచిది కాదనుకుని ఇంకొకటి వేస్తే అక్కడా అదే తంతు. చాలాసార్లు తప్పు థీమ్‌ది కాదు. ఇంగ్లిషు అక్షరాల కొలతలతో తయారైన థీమ్‌లో మనం తెలుగు పోస్తున్నాం. ఏ కొలత ఎందుకు ఉందో తెలిస్తే దాన్ని మన అవసరానికి సవరించుకోవచ్చు.

ఒక ఊరి గ్రంథాలయానికి వర్డ్‌ప్రెస్‌లో సైటు తయారుచేస్తున్నాం అనుకుందాం. కొత్త పుస్తకాల జాబితా, పనివేళలు, సభల కబుర్లు, చిరునామా ఉంటే చాలు. 2024 నవంబర్‌లో వర్డ్‌ప్రెస్ 6.7తో పాటు వచ్చిన ట్వెంటీ ట్వెంటీ-ఫైవ్ థీమ్‌ను తీసుకుందాం. ఇది ఉచితం, ఎలాంటి ప్లగిన్ లేకుండానే రంగులూ ఫాంట్లూ మార్చుకోవచ్చు.

థీమ్‌ను ఖాయం చేసుకునే ముందే ఒక పరీక్ష పెట్టాలి. నమూనాలోని ఫొటోలు, మాటలు తీసేసి మన దగ్గరున్న అతి పొడవైన శీర్షిక ఒకటి, ఓ మాదిరి ఫొటో ఒకటి, నాలుగు పేరాల తెలుగు వచనం పెట్టి చూడాలి. శీర్షికగా ‘రాష్ట్ర గ్రంథాలయోద్యమ స్మృతులు’ లాంటిది ఇవ్వండి. అందులో కిందికి దిగే వత్తులున్నాయి, పొడవైన పదమూ ఉంది. అది పెట్టాక కూడా పేజీ నిలబడితే ఆ థీమ్ మనకు పనికొస్తుంది. అందమంతా నమూనా ఫొటోలోనే ఉందని తేలితే అక్కడితో వదిలేయడం మేలు.

మార్చాల్సిన చోటు ఒకటే

కొత్తవాళ్లు ఎక్కువగా చేసే పని ఏమిటంటే, ఒక్కో పేరాను పట్టుకుని దానికే రంగు వేయడం, ఒక్కో శీర్షికకు విడిగా సైజు పెట్టడం. పది పేజీలయ్యేసరికి సైటులో నాలుగు రకాల ఎరుపులు, ఆరు రకాల శీర్షికలు చేరతాయి. తర్వాత మొత్తం రంగు మార్చుదామన్నా విడిగా వేసినవి మారవు. అందుకే మార్పులన్నీ డ్యాష్‌బోర్డులో Appearance → Editor → Styles దగ్గర చేయాలి. అక్కడ శీర్షికకు ఒకసారి చెబితే సైటులోని శీర్షికలన్నిటికీ వర్తిస్తుంది. ఆ మార్పులు థీమ్ ఫైళ్లలో కాకుండా డేటాబేసులో భద్రమవుతాయి కాబట్టి థీమ్‌కు అప్‌డేట్ వచ్చినా చెరిగిపోవు. అక్కడే ఉన్న Revisions ద్వారా పాత రూపానికి వెనక్కి వెళ్లవచ్చు.

పాత పద్ధతి థీమ్ వాడుతున్నవాళ్లకు ఈ సౌకర్యం ఉండదు. వాళ్లు థీమ్ ఫైళ్లను నేరుగా దిద్దితే తర్వాతి అప్‌డేట్‌తో ఆ దిద్దుబాట్లన్నీ పోతాయి. దానికి మందు చైల్డ్ థీమ్. విడిగా ఒక ఫోల్డర్ చేసి అందులో style.css ఫైలు పెట్టి, పైన ఈ వివరాలు రాస్తే చాలు:

```
/*
Theme Name: Grandhalayam Child
Template: twentytwentyone
*/
```

Template అన్న చోట అసలు థీమ్ ఫోల్డర్ పేరు ఉన్నది ఉన్నట్టుగా ఉండాలి. ఒక్క అక్షరం తేడా వచ్చినా వర్డ్‌ప్రెస్ దాన్ని గుర్తించదు. మన మార్పులు ఈ ఫోల్డర్‌లో ఉంటాయి, అసలు థీమ్ తన దారిన అప్‌డేట్ అవుతుంది.

లేత రంగు చోట లేతదే, ముదురు చోట ముదురే

ట్వెంటీ ట్వెంటీ-ఫైవ్ రంగుల పట్టికలో Base, Contrast, ఆ తర్వాత Accent 1 నుంచి Accent 6 వరకు గళ్లు కనిపిస్తాయి. ఒక్కో గడికి ఒక్కో పని ఉంది. Base పేజీ నేపథ్యం, Contrast దాని మీది అక్షరాలు. Accent 1లో మొదట ఉండేది #FFEE58 అనే లేత పసుపు. Accent 3లో #503AA8 అనే ముదురు ఊదా ఉంటుంది.

గ్రంథాలయం వాళ్లకు బైండు పుస్తకాల అట్టల్లో ఉండే ముదురు ఎరుపు నచ్చింది. దాని కోడ్ #7A1F2B అనుకుందాం. ముఖ్యమైన రంగు కదా అని దాన్ని Accent 1లో వేస్తారు. వెంటనే చిక్కు మొదలవుతుంది. లేత పసుపును నేపథ్యంగా వాడిన చోట్ల అక్షరాలు దాదాపు నల్లగా, #111111 రంగులో ఉంటాయి. పసుపు పోయి ముదురు ఎరుపు వచ్చినా అక్షరాలు నల్లగానే ఉండిపోతాయి. రెంటి మధ్య వెలుగు తేడా 2:1 కూడా ఉండదు. మామూలు సైజు అక్షరాలకు కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకు 3:1 ఉండాలని వెబ్ ప్రమాణాలను తయారుచేసే డబ్ల్యూ3సీ సంస్థ చెబుతోంది. అంటే ఆ భాగాన్ని కళ్లు చికిలించుకున్నా చదవలేం.

అదే ఎరుపును Accent 3లోకి మార్చండి. అది ముదురు రంగుకు కేటాయించిన గడి, దాని మీద లేత రంగు అక్షరాలే వస్తాయి. ఈ ఎరుపు మీద తెల్లని అక్షరాలుంటే తేడా 10:1 దాటుతుంది. Accent 1లో పసుపును ఉంచుకోవచ్చు, లేదా మరో లేత రంగు పెట్టుకోవచ్చు. లేత రంగు ఉన్న గడిలో లేత రంగు, ముదురు ఉన్న గడిలో ముదురు రంగు పెడితే ఎన్ని రంగులు మార్చినా చదవడానికి ఇబ్బంది రాదు. అనుమానం ఉంటే పేజీని స్క్రీన్‌షాట్ తీసి, ఫోన్‌లోనే నలుపు తెలుపులోకి మార్చి చూడండి. అప్పుడూ అక్షరాలు సులువుగా కనబడితే రంగులు కుదిరినట్టే. పసుపు అక్షరాల విషయంలో మాత్రం జాగ్రత్త. తెల్లని నేపథ్యం మీద పసుపు అక్షరాలు ఏ థీమ్‌లోనూ నిలవవు. నేపథ్యంగా వాడి దాని మీద నల్లగా రాస్తే పసుపు ఎంతో బాగుంటుంది.

వత్తులకు చోటు ఇవ్వాలి

ఈ థీమ్‌లో మొదట ఉండే ఫాంట్ పేరు మాన్రోప్. అందులో తెలుగు అక్షరాలు లేవు. అయినా తెలుగు కనబడుతోందంటే, చూసేవాళ్ల ఫోనో కంప్యూటరో తన దగ్గరున్న తెలుగు ఫాంట్‌ను అక్కడ వాడుతోందన్న మాట. విండోస్‌లో నిర్మల, ఆండ్రాయిడ్‌లో నోటో, ఐఫోన్‌లో మరొకటి. అందుకే మన కంప్యూటర్‌లో కుదిరిన వరుసలు పక్కవాళ్ల ఫోన్‌లో కుదరవు. సైటుకు తెలుగు ఫాంట్‌ను మనమే ఇవ్వాలి.

వర్డ్‌ప్రెస్ 6.5 నుంచి ఫాంట్ లైబ్రరీ వచ్చింది. Styles → Typography దగ్గర దాన్ని తెరిచి గూగుల్ ఫాంట్లను మన సర్వర్‌లోకే దించుకోవచ్చు. సిలికానాంధ్ర సంస్థ అందుబాటులోకి తెచ్చిన మండలి, రామభద్ర లాంటి తెలుగు ఫాంట్లూ అక్కడ దొరుకుతాయి. ఎంచుకునేటప్పుడు ఆ ఫాంట్‌లో ఎన్ని మందాలున్నాయో చూడండి. మండలిలో మామూలు మందం ఒక్కటే ఉంది. పేరాలో ఒక మాటను బోల్డ్ చేస్తే బ్రౌజర్ ఆ అక్షరాలను తనంతట తానే ఉబ్బిస్తుంది. అప్పుడు ‘ఘ’, ‘క్ష’ లాంటి వాటి లోపలి ఖాళీలు పూడిపోయి మసకగా కనిపిస్తాయి. మన గ్రంథాలయానికి పేరాల కోసం నోటో సాన్స్ తెలుగు తీసుకుందాం. అందులో అసలైన బోల్డ్ ఉంది. 400, 700 మందాలు రెండే దించుకుంటే పేజీ బరువు పెరగదు. శీర్షికలకు రామభద్ర వాడుకోవచ్చు. అది పుట్టుకతోనే మందంగా ఉంటుంది కాబట్టి దాన్ని మళ్లీ బోల్డ్ చేయకూడదు. ఈ రెండూ చాలు, మూడో ఫాంట్ వద్దు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైంది వరుసల ఎడం. ఈ థీమ్‌లో శీర్షికల వరుస ఎత్తు 1.125. అంటే 40 పిక్సెళ్ల అక్షరానికి వరుస మొత్తం 45 పిక్సెళ్లే. ఇంగ్లిషుకు అది సరిపోతుంది. తెలుగులో ‘రాష్ట్ర’ అనగానే ‘ష’ కింద ‘ట’ వత్తు, దానితో ‘ర’ వత్తు. కింది వరుసలో గుడి గానీ గుడిదీర్ఘం గానీ ఉంటే రెండూ ఢీకొంటాయి. శీర్షికల Line heightను 1.4కు పెంచితే వరుస 56 పిక్సెళ్లవుతుంది, వత్తులకు ఊపిరి ఆడుతుంది. పేరాలకు థీమ్ ఇచ్చేది 1.4, దాన్ని 1.7 చేయండి. Letter spacing దగ్గర ఉన్న చిన్న మైనస్ విలువను సున్నా చేయండి. ఇటాలిక్ వాడకండి. ఈ తెలుగు ఫాంట్లలో ఇటాలిక్ రూపం లేదు, బ్రౌజర్ ఉన్న అక్షరాలనే పక్కకు వంచి చూపిస్తుంది.

అమరికలో ఎత్తు కట్టేయకండి

వరుసల ఎడం పెరిగితే ప్రతి పెట్టె కాస్త పొడవవుతుంది. ఎవరైనా పెట్టెకు ఇన్ని పిక్సెళ్లని ఎత్తు కట్టేసి ఉంటే రాత అడుగున తెగిపోతుంది, లేదా బయటికి పొర్లుతుంది. పుస్తకాల కార్డులకు ఎత్తు ఇవ్వకుండా వదిలేసి, బొమ్మలకు మాత్రం Aspect ratio ఒకే రకంగా పెట్టండి. అట్టల సైజులు వేరువేరుగా ఉన్నా వరుస తిన్నగా వస్తుంది.

మెనూలో మాటలు చిన్నవిగా ఉండాలి. ‘మమ్మల్ని సంప్రదించండి’ బదులు ‘చిరునామా’, ‘కొత్తగా వచ్చిన పుస్తకాలు’ బదులు ‘కొత్త పుస్తకాలు’ అంటే మెనూ ఒకే వరుసలో ఇముడుతుంది. అక్షరాల సైజు తగ్గించి ఇరికించడం కన్నా ఇదే నయం. పేరాల వెడల్పును థీమ్ 645 పిక్సెళ్లకు పరిమితం చేసింది. ఖాళీ ఎక్కువైందని దాన్ని 1000కి పెంచాలనిపిస్తుంది. పెంచితే వరుస చివరి నుంచి తర్వాతి వరుస మొదటికి వచ్చేసరికి కన్ను దారి తప్పుతుంది. దాన్ని అలాగే ఉంచండి.

అంతా అయ్యాక క్రోమ్‌లో F12 నొక్కి, తెర వెడల్పు 360 పిక్సెళ్లు పెట్టి ప్రతి పేజీ చూడండి. పేజీ పక్కకు జరుగుతోందంటే ఏదో పదమో బొమ్మో తెర దాటిపోయిందని అర్థం. ‘గ్రంథాలయోద్యమ’ లాంటి పదం మధ్యలో విరిగితే శీర్షిక సైజు తగ్గించండి. ఆ తర్వాత నిజమైన ఫోన్ చేతిలోకి తీసుకుని, ఎండలో నిలబడి ఒక పేజీ మొత్తం చదవండి.

ఒకేసారి అన్నీ మార్చవద్దు. ముందు ఫాంట్లు, తర్వాత వరుసల ఎడం, ఆపైన రంగులు, చివర్లో అమరిక. ఒక్కో మార్పు చేసి, సేవ్ చేసి, ఫోన్‌లో చూసి ముందుకు వెళ్లండి. ఎక్కడ చెడిందో వెంటనే తెలుస్తుంది, ఆ ఒక్కటే వెనక్కి తీసుకుంటే సరిపోతుంది.