నొక్కే ముందు ఒక్కసారి మరో తెరపై చూడండి

ఫోన్ నిండిపోగానే గూగుల్ ఫొటోస్ ‘ఫ్రీ అప్ స్పేస్’ నొక్కమంటుంది. ఆ మీట తొలగించేది బ్యాకప్ అయినట్టు యాప్ లెక్కలో ఉన్నవాటినే, అదీ ఫోన్‌లోంచి మాత్రమే. చిక్కంతా దాని చుట్టూ మనం చేసే పనులతోనే వస్తుంది.

రాజమండ్రిలో ఒకరింట్లో గృహప్రవేశం అయిందనుకుందాం. నాలుగు వందల ఫొటోలు, పది నిమిషాల 4కె వీడియో ఒకటి తీశారు. ఫొటోలన్నీ కలిపి ఒక జీబీ పైచిలుకు, వీడియో ఒక్కటే మూడున్నర జీబీ. ఖాతాలో మిగిలింది మూడు జీబీలే. ఉచితంగా ఇచ్చే 15 జీబీ జీమెయిల్‌కీ, డ్రైవ్‌కీ, ఫొటోలకీ ఉమ్మడి కాబట్టి పాత మెయిళ్లూ అందులో చోటు తినేశాయి. ఫొటోలు పైకి వెళ్లాయి, వీడియో ఆగిపోయింది. మీట నొక్కితే ఫొటోలు పోయి ఫోన్‌లో కాస్త చోటు వచ్చింది. అది చాలక, ‘యాప్‌లో కనిపిస్తోందిగా, పైకి వెళ్లే ఉంటుంది’ అనుకుని వీడియోను చేత్తో తీసేశారు. దాని ప్రతి ఇంకెక్కడా లేదు.

పొరపాటు జరిగేది సరిగ్గా ఇక్కడే. ఫోన్‌లో ఉన్నవాటినీ క్లౌడ్‌లో ఉన్నవాటినీ యాప్ ఒకే వరుసలో కలిపి చూపిస్తుంది. అందుకే అదే ఫోన్‌లో ఫొటో కనిపించడం దేనికీ రుజువు కాదు.

ముందుగా యాప్‌లో పైన కుడిమూల ఉన్న మీ ప్రొఫైల్ బొమ్మను తాకండి. బ్యాకప్ పూర్తయిందని ఉందా, వైఫై కోసం ఆగిందా, స్టోరేజీ నిండిందా అన్నది అక్కడ తెలుస్తుంది. అక్కడే ఏ మెయిల్ ఐడీలోకి వెళ్తున్నాయో కూడా చదవండి. ఇంట్లో ఒకే ఫోన్‌లో ఇద్దరి ఖాతాలున్నప్పుడు ఫొటోలు వేరొకరి ఖాతాలో చేరడం మామూలే. తర్వాత అదే ఐడీతో కంప్యూటర్‌లోనో మరో ఫోన్‌లోనో photos.google.com తెరవండి. అన్నిటికన్నా పెద్ద వీడియోను వెతికి చివరిదాకా ఆడించండి. పెద్ద ఫైలే సాధారణంగా చివరికి మిగులుతుంది. సెకనుకు 10 మెగాబిట్ల అప్‌లోడ్ వేగమున్నా మూడున్నర జీబీ వెళ్లడానికి ముప్పావుగంట దాకా పడుతుంది.

‘పూర్తయింది’ అన్న మాట మీరు ఎంచుకున్న ఫోల్డర్లకే వర్తిస్తుంది. కెమెరా ఫొటోలు మామూలుగానే అందులో ఉంటాయి. వాట్సాప్‌లో బంధువులు పంపినవి వెళ్లాలంటే మాత్రం ఆ ఫోల్డర్‌ను బ్యాకప్ సెట్టింగ్స్‌లో విడిగా ఆన్ చేయాలి.

ఇంకో సెట్టింగ్‌ను మీట నొక్కే ముందే చూడాలి. నాణ్యత ‘స్టోరేజ్ సేవర్’లో ఉంటే 4కె వీడియో పైకి వెళ్లేటప్పటికి 1080పికి తగ్గుతుంది. ఫోన్‌లోని అసలు ప్రతి పోయాక ఆ తగ్గినదే మిగులుతుంది. పెళ్లి వీడియోను పెద్ద తెరపై వేసుకోవాలనుకునేవారు, అసలుదాన్ని ముందే పెన్‌డ్రైవ్‌లోకో హార్డ్‌డిస్క్‌లోకో ఎక్కించుకోవాలి.